పరిచయమైన మూడు వారాలకే "నువ్వే నా ప్రాణం" అంటే నమ్మాలా? లవ్ బాంబింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

లవ్ బాంబింగ్ అంటే ఎక్కువ ప్రేమ చూపించడమేనా?

కాదు. ఎక్కువ ప్రేమ చూపించేవాళ్లు బోలెడుమంది ఉంటారు, వాళ్లలో చాలామంది మంచివాళ్లే. పొగడ్తలు, మెసేజ్‌లు, గిఫ్టులు, పెళ్లి మాటలు అన్నీ ఒకేసారి కుమ్మరించి, ఎదుటి మనిషికి ఆలోచించుకునే వ్యవధి లేకుండా చేసి, ఆ ఊపులోనే తన చేతిలోకి తెచ్చుకోవడాన్ని లవ్ బాంబింగ్ అంటారు.

ఈ పద్ధతి గురించి మొదట చర్చ జరిగింది ప్రేమ వ్యవహారాల్లో కాదు. 1970ల్లో అమెరికాలో, సన్ మ్యుంగ్ మూన్ స్థాపించిన యూనిఫికేషన్ చర్చ్ అనే మత సంస్థ కొత్తవాళ్లను చేర్చుకునే తీరు గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట వినపడింది. కొత్తగా వచ్చిన మనిషి చుట్టూ పాతవాళ్లు చేరి, పొగుడుతూ, కాసేపు కూడా ఒంటరిగా వదలకుండా చూసుకునేవాళ్లు. ఇలాంటి గుంపుల నుంచి బయటపడ్డవాళ్లతో ఏళ్ల తరబడి పనిచేసిన మార్గరెట్ సింగర్ అనే సైకాలజిస్టు, ఇది అప్పటికప్పుడు పుట్టే ఆప్యాయత కాదని, పైవాళ్ల ఆధ్వర్యంలో నడిచేదని రాశారు. ఇద్దరు మనుషుల మధ్య జరిగినా వరస దాదాపు ఇదే. ముందు ముంచెత్తుతారు, తర్వాత మీవాళ్ల నుంచి మెల్లగా విడదీస్తారు, ఆ తర్వాత అడగడం మొదలుపెడతారు. మొదటి భాగం ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం, ఎందుకంటే నిజంగా ప్రేమలో పడ్డవాడు కూడా మొదట్లో అచ్చం అలాగే కనిపిస్తాడు.

(ఈ పేజీలో ఎక్కువ చోట్ల "అతను" అని రాశాను. అమ్మాయిలు అబ్బాయిలకు చేసేదీ ఉంది, ఒకే జెండర్ వాళ్ల మధ్య జరిగేదీ ఉంది. మీకు తగ్గట్టు మార్చుకుని చదవండి.)

అయితే మూడు వారాల్లో "ఐ లవ్ యూ" అన్నవాళ్లందరినీ అనుమానించాలా?

అక్కర్లేదు. వేగం చూసి మనిషిని అంచనా వేయడం దగ్గరే చాలామంది పొరపడతారు. కొంతమంది స్వభావమే అంత, ఏదైనా నచ్చితే నోట్లో ఆగదు. చాలా ఏళ్లు ఒంటరిగా ఉన్నవాళ్లకు ఎవరైనా కాస్త అర్థం చేసుకునేవాళ్లు దొరికితే మాటలు పరుగెత్తుకుంటూ వస్తాయి. ఇంట్లో పెళ్లి ఒత్తిడి ఉన్న 29, 30 ఏళ్ల వాళ్లు మొదటి నెలలోనే పెళ్లి ఎత్తడం మన దగ్గర వింతేమీ కాదు, సగం సంబంధాల్లో అదే కదా మొదటి మాట.

అలాగని నెమ్మదిగా వచ్చినవాళ్లందరూ మంచివాళ్లని కూడా అనుకోకండి. ఆరు నెలలు మర్యాదగా ఉండి ఆ తర్వాత ఫోన్ చెక్ చేయడం మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు.

మరి తేడా ఎక్కడ తెలుస్తుంది?

మీరు చెప్పే ఒక చిన్న "వద్దు" దగ్గర. నా వరకు ఇంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు. పొగడ్తలు ఎన్నొచ్చాయి, మెసేజ్‌లు ఎన్నొచ్చాయి అని లెక్కపెట్టడం కన్నా, అతను కోరుకున్నది ఒక పూట దొరకనప్పుడు ఏం జరిగిందో చూడండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒకమ్మాయికి మ్యాట్రిమొనీ సైట్‌లో బెంగళూరు అబ్బాయి పరిచయమయ్యాడు అనుకోండి. మొదటి వారం గుడ్ మార్నింగ్ నుంచి గుడ్ నైట్ దాకా మెసేజ్‌లు. రెండో వారం "నీలాంటి అమ్మాయిని ఇంతవరకు చూడలేదు, మనది ఈ ఒక్క జన్మ బంధం కాదు". ఆఫీసుకు కేక్ పంపాడు, టీమ్ అంతా ఆమెను ఆటపట్టించారు, ఆమెకు సిగ్గేసింది, సంతోషంగానూ ఉంది. మూడో వారం శనివారం విజయవాడలో ఆమె పెదనాన్న కూతురి సంగీత్. "రేపు ఫోన్ చేయడం కుదరదు, ఇంటి నిండా చుట్టాలు ఉంటారు, ఆదివారం సాయంత్రం మాట్లాడుకుందాం" అని ముందే చెప్పింది.

ఇక్కడి నుంచి రెండు దారులు ఉంటాయి. ఒక అబ్బాయి ఇలా అంటాడు: "అయ్యో, రేపు మాట్లాడదామని చాలా అనుకున్నా. సరేలే, బాగా డాన్స్ చెయ్, ఫొటోలు పంపు." శనివారం రాత్రి ఒక మెసేజ్ పెడతాడు, జవాబు రాకపోయినా ఊరుకుంటాడు. ఆదివారం ఫోన్‌లో మొదట అడిగేది ఫంక్షన్ ఎలా జరిగిందని. నిరాశ పడ్డాడు, ఆ మాట చెప్పాడు కూడా, కానీ దానికి ఆమె మూల్యం చెల్లించాల్సిన అవసరం రాలేదు.

రెండో అబ్బాయి కూడా "ఎంజాయ్" అనే అంటాడు. శనివారం రాత్రి తొమ్మిదికి కాల్, తర్వాత ఇంకోటి, పదకొండయ్యేసరికి స్క్రీన్ నిండా మిస్డ్ కాల్స్. "ఒక్క నిమిషం కూడా దొరకలేదా?" ఆ తర్వాత "నేను నీకోసం ఇంత తపిస్తుంటే నీకు నేను ముఖ్యం కాదని అర్థమైంది". ఆమె సంగీత్ వదిలేసి మేడ మీదకెళ్లి అరగంట బతిమాలుతుంది. ఆదివారం పొద్దున్నే మెసేజ్ వస్తుంది, "సారీ బంగారం, నువ్వంటే పిచ్చి, అందుకే". ఆమె హైదరాబాద్ తిరిగొచ్చేసరికి అతను బొకే పట్టుకుని హాస్టల్ గేట్ దగ్గర నిలబడి ఉంటాడు, వస్తున్నట్టు ఒక్క మాటైనా చెప్పకుండా.

ఈ రెండో కథలో చాలామందికి బొకే ఒక్కటే గుర్తుండిపోతుంది. ఫ్రెండ్స్‌కి చెప్పేటప్పుడు కూడా "నాకోసం బెంగళూరు నుంచి వచ్చేశాడే" అనే చెప్తారు. కానీ చూడాల్సింది మేడ మీద గడిచిన ఆ అరగంటను. ముందే చెప్పిన మాటను అతను పట్టించుకోలేదు. ఆమె పండగ పాడైంది. చివరికి తప్పు చేసినట్టు అనిపించింది ఆమెకే. వచ్చేసారి చుట్టాలింట్లో ఫంక్షన్ అంటే ఆమె వెళ్లడానికే వెనకాడుతుంది, అతను "వెళ్లొద్దు" అని ఒక్కసారి కూడా అనకుండానే.

ఒక్కసారి అలిగితే లవ్ బాంబింగ్ అనేస్తామా?

అనకూడదు. మనిషన్నాక ఒకరోజు బాధపడతాడు, ఇన్‌సెక్యూర్‌గా ఫీలవుతాడు, నాలుగు కాల్స్ ఎక్కువ చేస్తాడు. తర్వాత కూర్చుని మాట్లాడినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. "నువ్వు ముందే చెప్పినా అన్నిసార్లు చేశాను, అలా చేయకుండా ఉండాల్సింది" అని తను చేసిన పనిని చేసినట్టుగా చెప్పి, తర్వాతిసారి నిజంగానే ఆగితే, అతనిలో తొందర ఉంది కానీ మీ మాట వినే మనిషే అన్నమాట. క్షమాపణ మాత్రం భారీగా ఉండి, ఏడుపు, బొకే, పెద్ద లెటర్ అన్నీ వచ్చి, తర్వాతి శనివారం మళ్లీ అవే కాల్స్ మొదలైతే, ఆ క్షమాపణ కూడా ముంచెత్తడంలో భాగమే.

ఇలా ఒకరోజు ఆకాశానికెత్తి, ఇంకోరోజు మొహం తిప్పుకుని, మళ్లీ ఎత్తుకునే తీరుకి మనసు త్వరగా అలవాటు పడిపోతుంది. ఎప్పుడూ ఒకేలా దొరికే ఆప్యాయత కన్నా, ఎప్పుడు దొరుకుతుందో తెలియని ఆప్యాయత కోసమే మనసు ఎక్కువ ఎదురుచూస్తుంది. "అన్నీ తెలిసి కూడా ఎందుకు వదల్లేకపోతున్నాను" అని తమను తాము తిట్టుకునేవాళ్లకి ఈ సంగతి తెలియాలి. అది బలహీనత కాదు, ఎవరి మనసైనా అలాగే పనిచేస్తుంది.

అతను పొగిడే తీరు నాకు చాలా నచ్చుతోంది. అది కూడా అనుమానించాలా?

నచ్చడంలో తప్పేం లేదు. పొగడ్త దేని గురించో మాత్రం కాస్త గమనించండి. "నువ్వు దేవతవి", "నా కలల రాణివి", "నీలా ఎవరూ లేరు" అనే మాటలు పేరు మార్చి ఎవరికైనా పంపొచ్చు. "మొన్న మీ తమ్ముడి ఎంసెట్ ర్యాంకు గురించి చెప్తూ మీ నాన్నగారిని వెనకేసుకొచ్చావు చూడు, అది నాకు బాగా నచ్చింది" అనే మాట మీ ఒక్కరికే సరిపోతుంది. నిజంగా ఇష్టపడుతున్న మనిషికి మీ గురించిన వివరాలు పోగవుతుంటాయి. మీరు చెప్పినవి గుర్తుంటాయి, అడగాల్సినవి ఇంకా మిగిలి ఉంటాయి, మీలో నచ్చని విషయం కూడా ఒకటో రెండో కనిపించి ఉంటుంది.

దీనికి ఒక పరిమితి ఉంది. బాగా తెలివైనవాళ్లు మీరు చెప్పిన వివరాలనే మీకు అద్దంలా తిప్పి చూపిస్తారు. మీకు వేటూరి పాటలు ఇష్టమంటే వాళ్లకీ ప్రాణం, మీరు పిల్లలు వద్దంటే వాళ్లూ మొదట్నుంచీ అదే అనుకుంటున్నారు. అందుకే అప్పుడప్పుడు వాళ్ల అభిప్రాయం ముందు అడగండి, మీది తర్వాత చెప్పండి. మూడు వారాల్లో ఒక్క విషయంలోనైనా మీతో విభేదించని మనిషిని మీరు ఇంకా కలుసుకోనట్టే.

గిఫ్టులు తీసుకోవచ్చా?

చిన్నవి తీసుకోండి. మీ జీతానికి, అతని జీతానికి పొంతన లేనివి, మీరు వద్దన్నా వచ్చేవి, నలుగురి ముందు ఇచ్చి కాదనలేని పరిస్థితి తెచ్చేవి అయితే తిరిగి ఇచ్చేయండి. కొన్ని గిఫ్టులు అప్పులాంటివి. ఇచ్చేటప్పుడు ఎవరూ లెక్క చెప్పరు, మీరు ఎప్పుడైనా కాదన్నప్పుడు మాత్రం వడ్డీతో సహా బయటికొస్తుంది. "నీకు ఐఫోన్ కొన్నాను, ఇప్పుడు నాతో రూమ్‌కి రావడానికి ఆలోచిస్తున్నావా" లాంటి మాట ఒక్కసారి వినపడినా చాలు, ఇంకో అవకాశం ఇవ్వొద్దని నేనైతే గట్టిగా చెప్తాను.

మాది పెద్దలు కుదిర్చిన సంబంధం. నిశ్చితార్థం అయ్యాక రోజూ గంటలు గంటలు మాట్లాడుకుంటున్నాం. ఇది కూడా అదేనా?

ఇక్కడ కాస్త జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఇంగ్లీషులో ఈ విషయం మీద వచ్చే సలహాలు ఎక్కువగా డేటింగ్ గురించే. మన దగ్గర పెళ్లిచూపులైన నెలకు నిశ్చితార్థం, ఇంకో రెండు నెలలకు పెళ్లి అనేది మామూలే. ఆ మధ్య రోజుల్లో అర్ధరాత్రి దాకా ఫోన్లు, "నువ్వే నా లోకం" లాంటి మాటలు, పుట్టినరోజుకి సర్‌ప్రైజులు అన్నీ సహజంగానే ఉంటాయి. ఆ వేగం ఇద్దరిదీ కాదు, ముహూర్తానిది.

అందుకే ఇక్కడ వేగం పక్కనపెట్టి, మీ ప్రపంచం పెరుగుతోందా తగ్గుతోందా చూడండి. మీ స్నేహితురాళ్లతో మాట్లాడితే అతనికి ఎలా ఉంటుంది? "పెళ్లయ్యాక ఉద్యోగం సంగతి" అడిగితే జవాబిస్తాడా, లేక "మన మధ్య ఇప్పుడు ఆ మాటలెందుకు" అని ముద్దుగా దాటేస్తాడా? ఫోన్ పాస్‌వర్డ్, లైవ్ లొకేషన్ "ప్రేమ ఉంటే దాచడానికేముంది" అని అడుగుతున్నాడా? మీ అమ్మ గురించి, అక్క గురించి "వాళ్లకి నీ మీద నిజమైన ప్రేమ లేదు, నాకే ఉంది" అన్న ధోరణి వస్తోందా? ఈ చివరిది వస్తే మాత్రం ఇంట్లో ఎవరో ఒకరికి అదే రోజు చెప్పండి. నిశ్చితార్థం అయిపోయింది కదా, పరువు పోతుంది కదా అని ఆగేవాళ్లు చాలామంది. నిశ్చితార్థం రద్దు చేసుకోవడం కష్టమే, కాదనను, కానీ పెళ్లి తర్వాత బయటికి రావడం దానికి ఎన్నో రెట్లు కష్టం.

అతను కావాలనే, ప్లాన్ వేసి చేస్తున్నాడా?

కొందరు కావాలనే చేస్తారు, ఇంకొందరు చేస్తున్నది తమకే తెలియకుండా చేస్తారు. 2017లో అర్కాన్సా యూనివర్సిటీ వాళ్లు 18 నుంచి 30 ఏళ్ల లోపు 484 మంది కాలేజీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, ఇలా ముంచెత్తే అలవాటు ఉన్నవాళ్లలో అన్నీ తన చుట్టూనే తిరగాలనుకునే నార్సిసిస్టిక్ లక్షణాలు ఎక్కువగానూ, తమ మీద తమకున్న గౌరవం తక్కువగానూ కనిపించాయి. వదిలేసి పోతారేమో అన్న భయం లాంటి అభద్రత కూడా దీనితో ముడిపడి ఉంది, మెసేజ్‌ల వాడకమూ ఎక్కువే. అది ఒకే యూనివర్సిటీలో, వాళ్లు తమ గురించి తాము చెప్పుకున్న జవాబులతో చేసింది కాబట్టి మన ఊరి మనుషులందరికీ యథాతథంగా వర్తిస్తుందని చెప్పలేం. కానీ ఒక విషయం అర్థమవుతుంది. లోపల అంత ఖాళీ ఉన్న మనిషి చెప్పే "నువ్వు లేకుండా బతకలేను" అతనికి ఆ క్షణంలో నిజమే కావచ్చు.

నిజమే అయినా మీరు భరించాల్సిన పని లేదు. అతని ఉద్దేశం ఏంటో తేల్చుకునే వరకు ఆగుదాం అనుకుంటే ఏళ్లు గడిచిపోతాయి, ఉద్దేశం ఎవరికీ కనిపించదు. మీ సంగీత్ రాత్రి ఎలా గడిచిందో మాత్రం మీకు తెలుసు.

నెమ్మదిగా వెళ్దామని చెప్పాలంటే ఎలా చెప్పాలి?

నిందలు లేకుండా, కొలవగలిగేట్టు చెప్పండి. "కాస్త స్పేస్ కావాలి" అంటే ఎవరికి నచ్చినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు. ఇలా రాయొచ్చు:

"మీతో మాట్లాడటం నాకు ఇష్టమే. కానీ ఇంత వేగం నాకు అలవాటు లేదు, కాస్త టెన్షన్‌గా ఉంది. ఆఫీస్ టైమ్‌లో మెసేజ్‌లు వద్దు, రాత్రి పది దాటాక కాల్స్ వద్దు. పెళ్లి గురించి మూడు నెలల తర్వాత మాట్లాడుకుందాం."

ఇది పంపాక ఓ రెండు మూడు వారాలు గమనించండి, రెండు రోజులు సరిపోవు. మొదటి రెండు రోజులు ఎవరైనా బుద్ధిగా ఉంటారు. మంచి మనసున్నవాడు కాస్త చిన్నబుచ్చుకుని, ఒకసారి మర్చిపోయి పదిన్నరకు కాల్ చేసి, గుర్తొచ్చి "అరే సారీ, రేపు చేస్తా" అని పెట్టేస్తాడు. ఇంకో రకం మనిషి సరే అని, ఐదో రోజు నుంచి పదింటికి ఒక్క నిమిషం, తర్వాత పదింపావుకి, తర్వాత "ఈ ఒక్కరోజే" అంటూ గీతను జరుపుకుంటూ వస్తాడు. మూడో రకం వెంటనే తిరగబడతాడు. "నీకు ప్రేమించడం రాదు", "నీ ఎక్స్ వల్ల నువ్విలా తయారయ్యావు", లేదా ఒక్కసారిగా పూర్తిగా మాయం. మాయమైనవాడి వెనక మీరు వెళ్లకండి.

నేరుగా చెప్పడానికే భయమేస్తోంది అంటే, ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. పరిచయమైన నెలలోపే ఒక మనిషికి "రాత్రి పది దాటాక వద్దు" అని చెప్పలేకపోతున్నారంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇంకా ఒక్కసారి కూడా కలవలేదు, కానీ ప్రేమిస్తున్నానంటున్నాడు. ఫారిన్‌లో ఉన్నాడట.

ఇది వేరే కేసు, త్వరగా చెప్పేస్తాను. వీడియో కాల్‌కి ఎప్పుడూ ఏదో అడ్డంకి, కస్టమ్స్‌లో ఇరుక్కున్న పార్సిల్, ఆసుపత్రిలో తల్లి, లాభాలొచ్చే ట్రేడింగ్ యాప్ - వీటిలో ఏది వినపడినా అది మోసం. ఒక్క రూపాయి పంపొద్దు. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చెప్తే డబ్బు అవతలి ఖాతాలో ఆపడానికి అంత అవకాశం ఉంటుంది. సిగ్గుపడి రెండు రోజులు ఆగితే ఆ అవకాశం తగ్గిపోతుంది.

వద్దని చెప్పేశాను. అయినా వదలడం లేదు, చచ్చిపోతానంటున్నాడు.

చచ్చిపోతానన్న మాటను నమ్మాలా వద్దా అని మీరు ఒంటరిగా తేల్చుకోకండి. అతని ఇంట్లోవాళ్లకో, స్నేహితుడికో ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ వెంటనే పంపండి, వెంటనే ప్రమాదం ఉందనిపిస్తే ఎమర్జెన్సీ నంబర్ 112కి చెప్పండి. మీరు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టడం మాత్రం పరిష్కారం కాదు, తర్వాతిసారి కూడా అదే మాట వస్తుంది.

ఒకసారి స్పష్టంగా, రాతలో, "నాకు ఇష్టం లేదు, ఇక నన్ను సంప్రదించవద్దు" అని పంపండి. ఆ తర్వాత జవాబివ్వకండి, కానీ అతని మెసేజ్‌లు డిలీట్ చేయకండి, బ్లాక్ చేసేముందు స్క్రీన్‌షాట్లు తీసి తేదీలతో దాచుకోండి. ఇష్టం లేదని చెప్పినా ఒక స్త్రీని పదేపదే సంప్రదించడం, వెంటపడటం, ఆన్‌లైన్‌లో నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికి మూడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. ఆ ఒక్క మెసేజ్ మీ దగ్గర ఉంటే "ఆమెకీ ఇష్టమే" అనే వాదన నిలబడటం కష్టం. తెలంగాణలో పోలీసుల షీ టీమ్స్‌కి చెప్పొచ్చు, 181 మహిళా హెల్ప్‌లైన్ రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో ఉన్నవాళ్లకి ఒక మాట: సంబంధంలో ఉన్న మనిషిని పద్ధతి ప్రకారం అదుపులో పెట్టడం అక్కడ 2015 చట్టం ప్రకారం నేరం, 2023లో ప్రాసిక్యూటర్లకి ఇచ్చిన మార్గదర్శకాల్లో లవ్ బాంబింగ్ ప్రస్తావన కూడా వచ్చింది.

ఇదంతా చదివాక నేనే అలా చేస్తున్నానేమో అనిపిస్తోంది.

ఈ ప్రశ్న అడిగే అబ్బాయిలు, అమ్మాయిలు చాలామంది ఉంటారు, అడిగినందుకు మంచిదే. రెండు పనులు చేసి చూడండి. పంపబోయే పెద్ద మెసేజ్‌ని పొద్దున దాకా డ్రాఫ్ట్‌లో ఉంచండి, పొద్దున చూసినప్పుడు కూడా పంపాలనిపిస్తే పంపండి. అవతలివాళ్లు జవాబివ్వని రెండు గంటల్లో మీకు ఏం జరుగుతోందో చూసుకోండి: వాళ్ల కోసం ఆదుర్దాగా ఉందా, లేక మీకు జవాబు రాలేదన్న కోపమా? కోపం అయితే ఆ కోపాన్ని వాళ్లకి మెసేజ్ చేయకండి, ఒక ఫ్రెండ్‌కి ఫోన్ చేసి చెప్పుకోండి. అది ప్రతి సంబంధంలోనూ ఇలాగే తిరిగొస్తుంటే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి, వదిలేసి పోతారన్న భయం ఎక్కడ మొదలైందో మాట్లాడండి. ఇక ఇష్టమైన మనిషికి ఇష్టమని చెప్పడం మాత్రం మానకండి. చెప్పి, "నీకు ఎంత టైమ్ కావాలో తీసుకో" అన్న మాట కూడా కలిపి, వాళ్లు నిజంగానే టైమ్ తీసుకున్నప్పుడు ఆ మాట మీద నిలబడండి.